మెయిల్ రాసే ముందు ఆ ఒక్క వాక్యం తేల్చుకోండి

గుంటూరు యార్డుకు కొత్త మిర్చి రావడం మొదలైతే చాలు, కోల్డ్ స్టోరేజీల వాళ్లకు ఏదో ఒకటి అమ్మాలని అందరూ మెయిళ్లు మొదలుపెడతారు. ఈమధ్య విజయవాడ ఆటోనగర్‌లో, స్టోరేజీల్లో టెంపరేచర్ చూసే సెన్సర్లు అమ్మే ఓ చిన్న కంపెనీ ఒకే మెయిల్‌ను దొరికిన అడ్రసులన్నిటికీ పంపింది. చాలామంది స్పామ్ అని నొక్కారు. ఇప్పుడు పాత కస్టమర్లకు వెళ్లాల్సిన బిల్లులు కూడా స్పామ్‌లో పడుతున్నాయి. ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోమని జీమెయిల్ చెబుతోంది. అంటే వెయ్యికి ముగ్గురు నొక్కినా కష్టమే.

డొమైన్ సెట్టింగుల గురించి అందరూ చెబుతారు, నేను చెప్పను. అసలు తప్పు అంతకుముందే జరిగింది. ఎదుటివాడికి ఏం ఒరుగుతుందో ఒక్క వాక్యంలో తేల్చుకోకుండా రాయడానికి కూర్చున్నారు. వాళ్ల మొదటి లైను ఇది: ‘మేము ఐఓటీ ఆధారిత సమగ్ర మానిటరింగ్ సొల్యూషన్స్ అందిస్తున్నాం.’ పోటీ కంపెనీ పేరు పెట్టినా ఇది అంతే నిజం. అలాంటి వాక్యం పనికిరాదు.

దాన్ని ‘అయితే నాకేంటి?’ అని అడుగుతూ పోండి. సెన్సర్లు ఉన్నాయి. అయితే? టెంపరేచర్ ఎప్పటికప్పుడు తెలుస్తుంది. అయితే? రాత్రి కంప్రెసర్ ఆగిపోతే వాచ్‌మన్ గమనించేసరికి తెల్లారుతుంది, అప్పటికి ఛాంబర్ వేడెక్కుతుంది, సరుకు పెట్టినవాళ్లతో గొడవ. ఇక్కడ ఆగండి. ఇంకో మెట్టు ఎక్కితే ‘మీ లాభాలు పెరుగుతాయి’ వస్తుంది. అది అందరూ అనేదే, ఎవరూ నమ్మరు.

ఇప్పుడు వాక్యం: ‘రాత్రి మీ ఛాంబర్‌లో చల్లదనం తగ్గితే, పది నిమిషాల్లో మీ సూపర్‌వైజర్‌కు ఫోన్ వస్తుంది.’

దీన్ని మీ ఇన్‌స్టలేషన్ కుర్రాడికి చూపించండి. ‘కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కదండీ, ఫోన్ ఎలా వస్తుంది?’ అంటాడు. పరికరంలో బ్యాటరీ, సిమ్ ఉంటే సరే. లేకపోతే ఆ వాక్యం అబద్ధం, మెయిల్ పంపకండి. ‘సమగ్ర సొల్యూషన్స్’ అని రాసుకున్నంతకాలం ఈ లోపం బయటపడదు.

ఇక మిగతావి.

ఒక వాక్యం ఒక రకం మనిషికే. స్టోరేజీ ఓనరుకు రాసింది ఎగుమతిదారుకు పంపకండి, రాత్రి కంప్రెసర్ ఆయన తలనొప్పి కాదు.

‘మరియు’ వచ్చిందంటే రెండు వాక్యాలున్నట్టే. ఒకటి కొట్టేయండి.

కొలిచి చూడని అంకె వేయకండి.

వ్యాపారంతో సంబంధం లేనివాళ్లకు ఫోన్‌లో ఒక్కసారే చదవండి. తిరిగి చెప్పమనండి. ‘ఏదో సాఫ్ట్‌వేర్’ అన్నారంటే మళ్లీ రాయండి.

సబ్జెక్ట్ లైను ఆ వాక్యంలోంచే తీయండి.

వాక్యం తేలకుండా టెంప్లేట్ తెరవకండి. డిజైనర్‌కు చెప్పకండి. మెయిల్ అడ్రసుల లిస్టు కొనకండి, వాక్యం తేలాక కూడా కొనకండి.

సీజన్ దాటిపోతుందని టెన్షన్ పడి సగం వాక్యంతో పంపకండి.