‘ఇది నాన్ కాగ్నిజబుల్, కోర్టుకెళ్లండి’ అని స్టేషన్లో పంపేస్తే

సమస్య

ప్రహరీ గోడ దగ్గర గొడవైంది, పక్కింటాయన కొట్టాడు. ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టకుండా డైరీలో రాసుకుని పంపేశారు.

కారణం

కాగ్నిజబుల్ నేరమైతే పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే దర్యాప్తు మొదలుపెట్టవచ్చు, వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. అందుకే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి. నాన్ కాగ్నిజబుల్ అయితే మేజిస్ట్రేట్ ఆదేశం లేనిదే దర్యాప్తు చేయకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతోంది. ఏ నేరం ఏ కోవలోకి వస్తుందో అదే చట్టం మొదటి షెడ్యూలులో ఉంటుంది.

శిక్ష పెద్దదా చిన్నదా అన్నదాన్నిబట్టి ఊహిస్తే పొరపాటు పడతాం. మామూలుగా గాయపరచడానికి, అంటే భారతీయ న్యాయ సంహిత 115(2)కు, ఏడాది వరకు జైలు, అయినా అది నాన్ కాగ్నిజబుల్. దారికి అడ్డంగా నిలబడి కదలనివ్వకపోవడానికి, అంటే 126(2)కు, నెల రోజులే, అయినా కాగ్నిజబుల్!

పరిష్కారం

ముందు మీ ఫిర్యాదు కాగితం మళ్లీ చదవండి. ‘తిట్టి కొట్టాడు’ అని మాత్రమే ఉంటే పోలీసులు చెప్పింది సరైనదే. జరిగినదాంట్లో ఇంకేమైనా వదిలేశారా? గేటు దగ్గర అడ్డగించి వెళ్లనివ్వలేదా? వేలు మెలిపెడితే ఎముక విరిగిందా? ఎముక గానీ పన్ను గానీ విరిగితే అది తీవ్ర గాయం, 117(2) కింద కాగ్నిజబుల్. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, ‘ఫలానా వ్యక్తి కొట్టాడు’ అని అక్కడే చెప్పండి, గాయాల పత్రంలో అది నమోదవుతుంది. ఎక్స్‌రేలో విరుపు తేలితే దాని కాపీ జతచేసి, తేదీ, సమయం, చోటు, ఎవరు ఏం చేశారు వరుసగా రాసి మళ్లీ ఇవ్వండి. పలు నేరాల్లో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా కేసు మొత్తాన్నీ అలాగే చూడాలని సురక్షా సంహిత 174(4) చెబుతోంది. అయితే జరగనిది కలపొద్దు. తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం, పైగా డాక్టరు కాగితంతో పొసగని మాట మిగతా నిజాన్నీ దెబ్బతీస్తుంది.

అప్పుడూ ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే

ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి, స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే 175(3) కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆ దరఖాస్తుకు ఎస్పీకి పంపినట్టు ఆధారంతోపాటు ప్రమాణపత్రం కూడా కావాలి. చాలామంది ఎస్పీ మెట్టు దాటేసి నేరుగా కోర్టుకెళ్లి వెనక్కి వస్తారు. ‘మా పరిధి కాదు’ అన్నది మాత్రం సాకే. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం.

నిజంగా నాన్ కాగ్నిజబులే అయితే

డైరీ నమోదు సంఖ్య, తేదీ అడిగి రాసుకోండి. ఆ తర్వాత రెండు దారులు: దర్యాప్తుకు ఆదేశించమని 174(2) కింద మేజిస్ట్రేటును కోరడం, లేదా నేరుగా ప్రైవేటు ఫిర్యాదు వేయడం. రెండో దారిలో సాక్షుల్ని మీరే తెచ్చుకోవాలి, నిందితుడి మాట వినకుండా కోర్టు కేసు స్వీకరించదు కూడా. మొదటి దారిలో ఆదేశం వస్తే పోలీసులు మామూలుగానే దర్యాప్తు చేస్తారు, వారెంటు లేకుండా అరెస్టు మాత్రం చేయలేరు.