సీడ్ ఫండ్ అప్లికేషన్‌లో ఖర్చుల ప్లాన్ దగ్గరే ఆగిపోతోందా?

స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ స్కీమ్ 2021లో మొదలైంది. ప్రోటోటైప్, ట్రయల్స్ లాంటి పనులకు ఇందులో రూ.20 లక్షల వరకు గ్రాంట్ ఇస్తారు. ఇంక్యుబేటర్ ఆ మొత్తాన్ని మైల్‌స్టోన్లను బట్టి విడతలుగా విడుదల చేస్తుంది. అందుకే డబ్బు దేనికి అన్నదానితో పాటు, ఆ విడత అయిపోయేసరికి చేతిలో ఏముంటుందో కూడా రాయాలి.

సమస్య: "ఇంత డబ్బు ఇస్తే ఏం చూపిస్తారు?" అని కమిటీ మళ్లీ మళ్లీ అడుగుతోంది.

కారణం: జీతాలు 10 లక్షలు, పరికరాలు 5, మార్కెటింగ్ 3, ఇతరాలు 2 అని పద్దులు మాత్రమే రాశారు. కూడిక సరిపోయినా, ఏ ఖర్చు ఏ ఫలితానికో తెలియడం లేదు.

పరిష్కారం: ముందు ఫలితం రాసి, ఖర్చు దాని కింద పెట్టండి. ఉదాహరణకు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల కోసం మిర్చిలో తేమ కొలిచే చిన్న మీటర్ చేస్తున్నారనుకుందాం. మొదటి మైల్‌స్టోన్ ఇలా ఉండొచ్చు: "4 నెలల్లో 5 మీటర్లు తయారు. 50 శాంపిల్స్ మీద మీటర్ రీడింగ్‌కూ, ల్యాబ్‌లో ఓవెన్‌లో ఆరబెట్టి తేల్చిన తేమ శాతానికీ తేడా 1 శాతం పాయింట్ లోపు." దీనికి ఇద్దరు ఇంజనీర్లకు కలిపి జీతం నెలకు లక్ష చొప్పున 4 లక్షలు, విడిభాగాలు 60 వేలు, ల్యాబ్ ఫీజు 40 వేలు, మొత్తం 5 లక్షలు. రుజువు ల్యాబ్ రిపోర్టు.

సమస్య: పని అయిందంటారు మీరు, కాలేదంటుంది ఇంక్యుబేటర్.

కారణం: "ప్రోటోటైప్ అభివృద్ధి" అన్నది పని పేరే తప్ప, ఎక్కడ పూర్తయినట్టో చెప్పదు.

పరిష్కారం: బయటివాళ్లు కాగితం చూసి అవును, కాదు అని తేల్చగలిగేలా రాయండి. "100 మంది కస్టమర్లు" లాంటివి మాత్రం మైల్‌స్టోన్‌గా పెట్టకండి, అవతలివాళ్ల నిర్ణయం మీ చేతిలో ఉండదు. "3 కోల్డ్ స్టోరేజీల్లో 30 రోజుల ట్రయల్, రోజువారీ రీడింగుల లాగ్" అంటే అడిగేవాళ్లకూ తేలిక.

సమస్య: మైల్‌స్టోన్ పూర్తయినా, తర్వాతి విడత వచ్చేలోపే అకౌంట్ ఖాళీ.

కారణం: రిపోర్టు ఇవ్వడానికీ, పరిశీలించి డబ్బు వేయడానికీ మధ్య గడిచే కాలాన్ని లెక్కలో పెట్టలేదు. ఈలోగా జీతాలు ఆగవు కదా. అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

పరిష్కారం: పై లెక్కలో ఒక నెల జీతం, అంటే లక్ష కలిపి మొదటి విడతను 6 లక్షలు చేయండి. అది దేనికో ఒక్క వాక్యంలో చెప్పండి. "ఇతరాలు" అని దాచిపెడితే మొదట కోత పడేది దానికే.

చివరిగా ఒక చిన్న తనిఖీ: ఆఫీసు కట్టడం, ఫర్నిషింగ్ లాంటివి ప్లాన్‌లో ఉంటే తీసేయండి. వసతుల ఏర్పాటుకు ఈ సీడ్ ఫండ్ వాడకూడదన్నది స్కీమ్ నిబంధన.