రెఫరల్ పాఠాలు – 4: థాంక్స్ చెప్పండి, అప్‌డేట్ అడక్కండి

పోయిన పాఠంలో రెఫరల్ ఎలా అడగాలో చూశాం. ఇప్పుడు ఫ్రెండ్ తన కంపెనీ పోర్టల్‌లో మీ రెజ్యూమె పెట్టేశాడు, మీకు మెయిల్ కూడా వచ్చింది. థాంక్స్ ఎప్పుడు చెప్పాలి? ఆ రోజే. రిజల్ట్ వచ్చాక చెబుదాంలే అని ఆగితే, ఉద్యోగం వస్తేనే థాంక్స్ అన్నట్టు అవుతుంది. తన పని రెజ్యూమె పెట్టడంతో అయిపోయింది. ఆపైన నిర్ణయం హెచ్చార్‌ది, ఇంటర్వ్యూ తీసుకునేవాళ్లది.

మామూలుగా మనం పంపే మెసేజ్ ఇలా ఉంటుంది:

"థాంక్స్ రా మామా! అంతా నీ చేతుల్లోనే ఉంది. కొంచెం హెచ్చార్‌తో మాట్లాడి చూడు. ఏమైనా అప్‌డేట్ ఉంటే చెప్పు."

ఇందులో థాంక్స్ ఒక్క ముక్క, మిగతాదంతా కొత్త పని. వీటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆఖరి వాక్యమే. చాలా కంపెనీల్లో రెఫర్ చేసినవాడికి పోర్టల్‌లో కనిపించేది "పరిశీలనలో ఉంది" లాంటి ఒక్క లైను. చెప్పడానికి తన దగ్గర ఏమీ ఉండదు. నాలుగుసార్లు అడిగారంటే మీ మెసేజ్ తెరవడమే మానేస్తాడు.

దాన్నే ఇలా రాద్దాం:

"మెయిల్ వచ్చింది రా, థాంక్స్. ఆఫీసు పనిలో ఉండి కూడా నా రెజ్యూమె చదివి, రెండో ప్రాజెక్ట్ పైకి జరపమన్నావు చూడు, అది బాగా పనికొచ్చింది. ఇక హెచ్చార్‌తో నేనే మాట్లాడుకుంటా. ఏం తేలినా నేనే చెప్తా."

తను చేసిన ఫలానా పనిని పేరు పెట్టి చెప్పాం. కబురు చెప్పే బరువు మన మీదే వేసుకున్నాం. పంపేముందు ఒకసారి చదవండి: ప్రశ్న గుర్తుగానీ, "కొంచెం చూడు" గానీ కనిపిస్తే కొట్టేయండి.

ఇక ఉద్యోగం రాకపోతే? నేనొకసారి రిజెక్ట్ అయ్యాక మొహం చెల్లక మూడు వారాలు కబురే చెప్పలేదు. రెఫర్ చేసిన ఫ్రెండ్ పోర్టల్‌లో ముందే చూసేశాడట. నాకు కోపమొచ్చిందేమోనని వాడూ ఫోన్ చేయలేదు. చివరికి ఓ పెళ్లి భోజనాల దగ్గర ఎదురుపడి, ఇద్దరం సాంబారు గురించి మాట్లాడుకున్నాం. అందుకే తెలిసిన రోజే రాసేయండి:

"రెండో రౌండ్‌లో పోయింది రా, డేటాబేస్ ప్రశ్న దగ్గర తడబడ్డా. నువ్వు చేయాల్సింది చేశావు, థాంక్స్."

ఎక్కడ పోయిందో మీరే చెబితే, తన వల్లేమోనన్న అనుమానం వాడికి ఉండదు. ఎందుకు తీసుకోలేదో కనుక్కోమనకండి. ఇంటర్వ్యూ చేసినవాళ్ల అభిప్రాయం సాధారణంగా వాడికి చూపించరు. ఇంకో పోస్టుకు రెఫర్ చేయమని ఆ మెసేజ్‌లోనే అడక్కండి.

ఉద్యోగం వస్తే పెద్ద పాఠం అక్కర్లేదు. లింక్డిన్‌లో పెట్టకముందే ఫోన్ చేయండి. "నీకు బోనస్ వస్తుందిగా, పార్టీ ఎప్పుడు?" అనే జోకు మాత్రం వద్దు. రెఫర్ చేసినందుకు కంపెనీ ఇచ్చే ఆ డబ్బు చాలాచోట్ల మీరు చేరి కొన్ని నెలలు పనిచేశాకే వాడి చేతికొస్తుంది. పార్టీ మీరే ఇవ్వండి.

వచ్చే పాఠం: అదే ఫ్రెండ్‌ని రెండోసారి రెఫరల్ అడగాల్సి వస్తే.