పాత నాగరికతల లెక్కలు – 3వ పాఠం: చిట్టి తక్కెడ

ముందు కిందటి పాఠం బాకీ తీర్చుకుందాం. ఈజిప్టు అంకెల్లో ఒక తోకకప్ప, రెండు తామరపూలు కలిపితే ఎంత అని అడిగాను. తోకకప్ప లక్ష, తామరపువ్వు వెయ్యి. జవాబు 1,02,000. తోకకప్పను చేప అనుకున్నవాళ్లకు సగం మార్కులు.

ఈసారి సింధు నాగరికతకు, అందులోనూ గుజరాత్‌లోని లోథల్‌కు వెళ్దాం. కాలం ఇప్పటికి దాదాపు 4,200 ఏళ్ల కిందట. అక్కడి రాతను ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు కాబట్టి మన కథలో పాపకు చిట్టి అని మనమే పేరు పెడదాం. వాళ్ల నాన్న ఎర్రటి కార్నీలియన్ రాళ్లతో పూసలు చేస్తాడు. ఆయన కొలిమి దగ్గరికి వెళ్లినప్పుడు కొట్టు చిట్టిదే.

ఆమె ముందు ఒక తక్కెడ, ఏడు తూకపు రాళ్లు ఉన్నాయి. చెర్ట్ అనే గట్టి రాయిని ఘనాకారంలో కోసి, నున్నగా సానపట్టారు. వాటి మీద అంకె లేదు, గుర్తు లేదు. అన్నిటికన్నా చిన్నది సుమారు 0.86 గ్రాములు, అంటే దాదాపు ఎనిమిది గురివింద గింజల ఎత్తు. దాన్ని 1 అనుకుంటే మిగిలినవి 2, 4, 8, 16, 32, 64. ప్రతి రాయీ ముందుదానికి రెట్టింపు. తవ్వకాల్లో ఎక్కువగా దొరికేది 16 ఎత్తు రాయి, సుమారు 13.7 గ్రాములు.

ఒకావిడ వచ్చి 13 ఎత్తు పూసలు అడిగింది. చిట్టి పద్ధతి చూడండి. 13లో ఇమిడే అతి పెద్ద రాయి 8, దాన్ని పళ్లెంలో పెట్టింది. ఇంకా 5 కావాలి. అందులో ఇమిడేది 4. ఇక మిగిలింది 1. మూడు రాళ్లతో పని అయిపోయింది. ఎప్పుడూ పెద్ద రాయితోనే మొదలుపెట్టండి. చిన్నవాటితో మొదలుపెట్టి తడుముకునేవాళ్లను నేను చాలామందిని చూశాను, మా ఇంట్లోనే ఒకరున్నారు.

1వ ప్రశ్న: 45 ఎత్తుకు ఏయే రాళ్లు పెట్టాలి?

2వ ప్రశ్న: ఏడు రాళ్లూ ఒకే పళ్లెంలో పెడితే ఎంత తూచవచ్చు?

3వ ప్రశ్న: 15 ఎత్తు పూసలు కావాలి. 8, 4, 2, 1 పెట్టవచ్చు. కానీ చిట్టి రెండే రాళ్లతో తూచింది. ఎలా?

ఇంతలో రాగి వర్తకుడు వచ్చాడు. అప్పటికి నాణేలు లేవు కనుక పూసలకు బదులుగా 64 ఎత్తు రాగి ఇస్తానన్నాడు. తన 16 రాయితో నాలుగుసార్లు తూచి పోశాడు.

"మామా, నీ రాయి ఒకసారి ఇస్తావా?" అంది చిట్టి.

ఇక్కడొక చిక్కు. చిట్టి 16 రాయిని తమ్ముడు ఆడుకోవడానికి ఎత్తుకుపోయాడు. అందుకని ఆమె ఒక పళ్లెంలో వర్తకుడి రాయి, రెండో దానిలో తన 8, 4, 2, 1 పెట్టింది. తక్కెడ సమంగా నిలిచింది. వెంటనే నోరు జారకుండా రాళ్లను పళ్లేలు మార్చి మళ్లీ చూసింది. తప్పు తక్కెడదే అయితే, మార్చినప్పుడు ఒకవైపు మొగ్గేది. మళ్లీ సమంగానే నిలిచింది. ఆ తర్వాత రాయిని వెలుతురులో తిప్పి చూస్తే, ఒక మూల విరిగి ఉంది. మిగతా ముఖాలన్నీ నున్నగా మెరుస్తుంటే ఆ మూల ఒక్కటే గరుకుగా ఉంది.

"ఎప్పుడు విరిగిందో నాకూ తెలియదమ్మా," అన్నాడు వర్తకుడు. నమ్మాలో వద్దో మీరే తేల్చుకోండి.

4వ ప్రశ్న: అతను ఇవ్వాల్సిన రాగి ఇంకా ఎంత?

5వ ప్రశ్న: 64కు పైన, తవ్వకాల్లో దొరికిన పెద్ద రాళ్ల వరుస ఏ ఎత్తుతో మొదలవుతుంది?

జవాబులు చూసే ముందు మీ కాగితం మీద రాసేయండి.

1వది: 32, 8, 4, 1. 2వది: 127. 3వది: ఒక పళ్లెంలో 16, రెండో పళ్లెంలో పూసలతో పాటు 1. రాయిని సరుకు వైపు కూడా పెట్టవచ్చని తట్టినవాళ్లు ఈ పాఠం నేర్చేసుకున్నట్టే. 4వది: అతని రాయి అసలు ఎత్తు 15. నాలుగుసార్లకు 60 వచ్చింది, ఇంకా 4 బాకీ, అంటే సుమారు మూడున్నర గ్రాములు. 5వ ప్రశ్నకు చాలామంది 128 అని ఉంటారు. కాదు, 160. అక్కడి నుంచి రెట్టింపుల లెక్కలోకి పదులు వచ్చి చేరతాయి: 160, 200, 320, 640.

వచ్చే పాఠానికి ఒక ప్రశ్న: బాబిలోన్ మట్టి పలకల మీద ఒకే గుర్తు ఒకచోట 1, మరోచోట 60. ఏది ఏదో పలక రాసినవాడికి ఎలా తెలిసేది?