ఐఈఎల్‌టీఎస్ రీడింగ్: సమ్మరీ ఖాళీలు నింపే ముందు

పరీక్ష దగ్గర పడినవారు ఈ నాలుగూ చూసుకోండి.

– మాట పాసేజీలోంచి తీయాలా, ఇచ్చిన జాబితాలోంచా? ముందు సూచన చదవండి. పాసేజీ రకంలో అర్థం సరిపోయినా సొంత పర్యాయపదం రాస్తే మార్కు రాదు.

– పదాల పరిమితి కింద గీత గీయండి. పాసేజీలో ‘ఇళ్ల పైకప్పుకు డ్రైడ్ గ్రాస్, గోడలకు వుడ్ వాడారు’ అని ఉందనుకోండి; పైకప్పు దేనితో అన్నది ఖాళీ. రెండు పదాల వరకు రాయవచ్చంటే ‘డ్రైడ్ గ్రాస్’ సరే. ఒకే పదం అంటే ‘గ్రాస్’ మాత్రమే. రెండూ రాస్తే తప్పు.

– జాబితా రకంలో పాసేజీలో కనబడిన మాటనే పట్టుకోకండి. పై వాక్యానికే జాబితాలో ‘వుడ్’, ‘ప్లాంట్స్’ ఉంటే కన్ను ‘వుడ్’ మీదికే పోతుంది, అది గోడల మాట. జవాబు ‘ప్లాంట్స్’. నా అనుభవంలో ఎక్కువ మంది జారేది ఇక్కడే. జాబితాలో అక్షరాలు ఇస్తే ఆ అక్షరమే రాయండి.

– పాసేజీ మాటను ఉన్నది ఉన్నట్టే దించండి. చివరి ‘ఎస్’ పోయినా, స్పెల్లింగ్ తప్పినా మార్కు పోతుంది. మాట రూపం మారిస్తే తప్ప వాక్యం కుదరకపోతే, మీరు పట్టుకున్నది వేరే మాట.