క్రౌడ్‌ఫండింగ్ పేజీ చెకింగ్ - 3వ పాఠం: ఒక్కో వాక్యం పక్కన ఒక్కో కాగితం

పోయిన పాఠంలో హాస్పిటల్ ఎస్టిమేట్ లెటర్ ఎలా చదవాలో చూశాం కదా, ఈసారి వైద్యానికి ఆన్‌లైన్‌లో జనాన్ని డబ్బు సాయం అడిగే ఒక పేజీ మొత్తం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెక్ చేద్దాం. ఇది పాఠం కోసం నేను కల్పించి రాసిన పేజీనే, కానీ ఇందులో ఉన్న తప్పులన్నీ నేను నిజం పేజీల్లో మళ్ళీ మళ్ళీ చూసినవే.

"ఖమ్మం ఆటో డ్రైవర్ కూతురు, రెండేళ్ళ పాప లివర్ ఫెయిల్ అయ్యింది, వెంటనే 25 లక్షలు కావాలి, ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే పాప 100% బాగైపోతుంది, మీరిచ్చే ప్రతి రూపాయి హాస్పిటల్‌కే వెళ్తుంది, 80జి రసీదు ఇస్తాం, మిగిలితే డబ్బు వాపస్ ఇచ్చేస్తాం."

చేయాల్సిన పని ఏంటంటే, పేజీలో ఒక్కో వాక్యం నోట్‌బుక్‌లో రాసుకుని పక్కన "ఇది ఏ కాగితంలో ఉంది?" అని రాయండి. కాగితం దొరక్కపోతే ఆ వాక్యం మార్చాలి, లేదా తీసేయాలి.

"లివర్ ఫెయిల్ అయ్యింది" దగ్గర మొదలుపెడదాం. డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించి చూస్తే అందులో బిలియరీ అట్రీషియా అని ఉంది, అంటే పుట్టినప్పటి నుంచే లివర్ నుంచి పైత్యం బయటికి పోయే నాళాలు మూసుకుపోయి ఉండటం. దీనికి పుట్టిన మొదటి రెండు నెలల్లోపే కసాయ్ అనే ఆపరేషన్ చేస్తే ఎక్కువ ఉపయోగం, అది పనిచేయకపోతే తర్వాత ట్రాన్స్‌ప్లాంట్ దాకా వెళ్తారు. ఈ పాపకి కసాయ్ అయ్యింది, ఫలితం రాలేదు, వాళ్ళమ్మే లివర్‌లో కొంత భాగం ఇస్తోంది. ఈ మూడు ముక్కలు పేజీలో రాస్తే చదివేవాళ్ళకి అసలు సంగతి అర్థమవుతుంది, లేకపోతే "మరి దాత ఎవరు, ఎప్పుడు దొరుకుతారు" అని డౌటు పడి వెళ్ళిపోతారు.

ఇక 25 లక్షలు. నేను ఎక్కువసేపు కూర్చునేది ఇక్కడే. ఎస్టిమేట్‌లో 18 లక్షలు ఉంది, మరి మిగతా ఏడు ఎక్కడివి? పేజీ నడిపే ఆర్గనైజర్‌ని అడిగితే "ఖర్చులు పెరుగుతాయి కదండీ" అంటాడు, అది నిజమే కావచ్చు కానీ లెక్క కాదు. ముందు ఎస్టిమేట్‌లో తల్లి ఆపరేషన్ కలిపారా లేదా హాస్పిటల్ బిల్లింగ్‌లో అడగమనండి, కలిపారనుకుందాం. హాస్పిటల్ దగ్గర మూడు నెలలు రూమ్ అద్దె నెలకి 15 వేల చొప్పున 45 వేలు. ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక శరీరం కొత్త లివర్‌ని తిరస్కరించకుండా మందులు జీవితాంతం వాడాలి, టెస్టులతో కలిపి నెలకి 20 వేలు అని డాక్టర్ రాసిచ్చారనుకుంటే మొదటి ఏడాదికి 2 లక్షల 40 వేలు. మొత్తం 20 లక్షల 85 వేలు. తండ్రి స్థలం అమ్మి దాచిన 3 లక్షలు తీసేస్తే 17 లక్షల 85 వేలు. అంటే పేజీలో అడగాల్సింది 25 కాదు, సుమారు 18, పైన సైట్ ఫీజు, పేమెంట్ చార్జీలు ఎంతో కనుక్కుని అది విడిగా చూపించాలి.

ఇంకో ప్రశ్న ఎవరైనా అడుగుతారు: ఆరోగ్యశ్రీ లేదా? తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకి పెంచారు. ఈ చికిత్సకి, ఈ హాస్పిటల్‌లో అది వర్తిస్తుందా, సీఎం రిలీఫ్ ఫండ్‌కి అప్లై చేశారా, వస్తే టార్గెట్ ఎంత తగ్గిస్తారు, ఇవి పేజీలో లేకపోతే డోనర్లు కామెంట్లలో అడిగేదాకా ఆగాల్సి వస్తుంది. జవాబు "రాలేదు" అయినా సరే రాయండి.

కాగితాలు పెట్టేటప్పుడు ఆధార్ నంబర్, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ కనపడకుండా మూసేయండి, కానీ పేషెంట్ పేరు, లెటర్ తేదీ, హాస్పిటల్ స్టాంపు, డాక్టర్ సంతకం మాత్రం కనపడాలి. నాలుగు నెలల క్రితం ఎస్టిమేట్ అయితే కొత్తది అడగండి, రేట్లు మారి ఉండొచ్చు.

ఇప్పుడు మాటలు ఇచ్చిన వాక్యాలు. "100% బాగైపోతుంది" అని ఏ డాక్టరూ రాసివ్వరు, కాబట్టి "ట్రాన్స్‌ప్లాంట్ చేయాలని డాక్టర్లు చెప్పారు, లెటర్ కింద ఉంది" అని మార్చండి. "ప్రతి రూపాయి" అన్నది ఫీజు కట్ అవ్వగానే అబద్ధం అయిపోతుంది. 80జి, అంటే విరాళం ఇచ్చినవాళ్ళకి ఇన్‌కమ్ టాక్స్‌లో వచ్చే మినహాయింపు, అది అయితే ఒక మనిషి వైద్యానికి నేరుగా ఇచ్చిన డబ్బుకి రాదు, 80జి రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టుకి ఇస్తేనే వస్తుంది, అలాంటి ట్రస్ట్ లేకపోతే ఆ వాక్యం కొట్టేయండి. "వాపస్" మాట ఇంకా ప్రమాదం: వందలమందికి విడివిడిగా తిరిగి పంపడం ఆర్గనైజర్ చేతిలో ఉండదు, డబ్బు హాస్పిటల్ ఖాతాకి వెళ్ళాక అస్సలు ఉండదు. దాని బదులు "మిగిలితే రెండో ఏడాది మందులకి వాడతాం, బిల్లులు ఇక్కడే పెడతాం" అనండి, కానీ ముందు ఆ సైట్ రూల్స్ దానికి ఒప్పుకుంటాయో లేదో చూడండి. ఒకవేళ పాప దక్కకపోతే డబ్బు ఏం చేస్తారో కూడా రాయాలి. ఆ తండ్రిని ఇది అడగడం చాలా కష్టం, నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది, అయినా అడగాలి, ఎందుకంటే అప్పుడు అడిగితే ఆయన జవాబు చెప్పే స్థితిలో ఉండరు.

ఈ వారం హోంవర్క్: పైన ఉన్న పేజీని మీ మాటల్లో పది వాక్యాల్లో తిరగరాయండి, ప్రతి వాక్యం చివర ఏ కాగితం నుంచి వచ్చిందో బ్రాకెట్‌లో పెట్టండి. 4వ పాఠంలో డబ్బు రావడం మొదలయ్యాక పెట్టే అప్‌డేట్లు చూద్దాం.