లక్కీ డ్రా కూపన్లు: నంబర్లు, చిల్లుల గీత, సైజు ఎక్కడ తప్పుతాయి, ఎలా సరిచేయాలి

కూపన్ డిజైన్ స్క్రీన్ మీద ఎప్పుడూ బాగానే ఉంటుంది. ప్రింట్ తీసి, కోసి, పుస్తకం కుట్టేటప్పుడే తప్పులు బయటపడతాయి. అందుకే ఒక లెక్క పట్టుకుని మాట్లాడుకుందాం. కావలసినవి 500 కూపన్లు, 001 నుంచి 500 వరకు. ఏ4 షీట్‌కు ఐదు చొప్పున 100 షీట్లు.

ఒక్కో కూపన్ ఎత్తు 55 మి.మీ. ఐదు కలిపితే 275. ఏ4 ఎత్తు 297 కాబట్టి పైన 11, కింద 11 మిగులుతాయి. అడ్డంగా 210 మి.మీ. ఉంటుంది. ఎడమ చివర 12 మి.మీ. పిన్ను కొట్టడానికి ఖాళీ, తర్వాత 60 కౌంటర్‌ఫాయిల్, తర్వాత 128 కూపన్, కుడివైపు 10 ఖాళీ. ఇంటి ప్రింటర్లు చాలావరకు కాగితం అంచుదాకా ముద్రించవు. ఎడమవైపు ఎలాగూ ఖాళీగా పోయే జాగానే ఇక్కడ పిన్నుకు వాడుకుంటున్నాం. అందుకని ఎడమ అంచు కోయొద్దు. ఐదు కౌంటర్‌ఫాయిళ్లూ ఒకే నిలువు వరసలో ఉన్నాయి కాబట్టి షీట్ మొత్తానికి ఒక్క చిల్లుల గీత చాలు. అది ఎడమ అంచు నుంచి 72 మి.మీ. దగ్గర పడుతుంది.

సమస్య: కోసిన తర్వాత కొన్ని కూపన్లలో అక్షరాలు తెగిపోయాయి

ముందు ఏ కూపన్ ఎటు జరిగిందో చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది. మధ్యలోని మూడో కూపన్ సరిగ్గా ఉండి, మొదటిది కిందికి, ఐదోది పైకి జరిగితే ప్రింటర్ పేజీని కుదించిందన్నమాట. ప్రింట్ బాక్సులో Fit అన్న ఆప్షన్ ఉండిపోయి ఉంటుంది. 97 శాతానికి కుదిస్తే 275 మి.మీ. ఉండాల్సింది దాదాపు 267 అవుతుంది. అంటే పైన నాలుగు, కింద నాలుగు మి.మీ. తేడా. Actual size లేదా 100% పెట్టి, ఒక్క షీట్ తీసి స్కేలుతో కొలవండి. తేడా ఇంకా ఎక్కువగా, ఓ ఆరు శాతం కనిపిస్తే కాగితం సైజు A4 బదులు Letter అని ఉందేమో చూడండి. లెటర్ కాగితం ఎత్తు 279 మి.మీ. మాత్రమే.

ఐదూ ఒకేవైపు ఒకే కొలతలో జరిగితే స్కేలింగ్ తప్పు కాదు, కాగితం లోపలికి వెళ్లడంలో తేడా. ట్రేలోని గైడ్లు కాగితానికి ఆనేలా బిగించండి. అయినా షీట్‌కూ షీట్‌కూ ఒక మిల్లీమీటరు తేడా మామూలే. దాన్ని పూర్తిగా పోగొట్టాలని టెన్షన్ పడేకంటే డిజైన్ మార్చుకోవడం మేలు. కూపన్ చుట్టూ బాక్స్ గీత పెట్టకండి. అంచుకు సమాంతరంగా గీత ఉంటే అర మిల్లీమీటరు వంకర కూడా కంటికి కొడుతుంది. గీత లేకపోతే ఎవరూ గమనించరు.

సమస్య: కౌంటర్‌ఫాయిల్ మీద 014, కూపన్ మీద 015

ఇది అన్నింటికంటే ప్రమాదం. డ్రాలో తీసిన నంబరు, కొన్నవారి చేతిలోని నంబరు ఒకటి కాకపోతే గొడవే. ఎక్సెల్ పట్టికలోని నంబర్లను వర్డ్ పేజీలో వాటంతటవే నింపే మెయిల్ మెర్జ్‌లో లేబుల్ పద్ధతి వాడినప్పుడు, తర్వాతి నంబరుకు వెళ్లమని చెప్పే Next Record అన్నది కౌంటర్‌ఫాయిల్‌కూ కూపన్‌కూ మధ్య పడితే ఇలా అవుతుంది. అసలు అది లేకపోతే పేజీలో ఐదింటికీ ఒకే నంబరు వస్తుంది.

దాన్ని అటూ ఇటూ జరపడం కంటే అది లేకుండానే చేసుకోవడం సుఖం. ఒక షీట్‌కు ఒక వరస, అందులో ఐదు నంబర్లు. ఎక్సెల్‌లో మొదటి వరసలో N1 నుంచి N5 వరకు పేర్లు పెట్టి, రెండో వరసలో ఇవి రాసి, 101వ వరస దాకా లాగండి:

```
A2: =TEXT(ROW()-1,"000")
B2: =TEXT(ROW()-1+100,"000")
C2: =TEXT(ROW()-1+200,"000")
D2: =TEXT(ROW()-1+300,"000")
E2: =TEXT(ROW()-1+400,"000")
```

తర్వాత వర్డ్‌లో Labels కాకుండా Letters ఎంచుకుని, మొదటి కూపన్‌లో రెండు చోట్లా N1, రెండోదాంట్లో రెండు చోట్లా N2, అలా పెట్టండి. రెండు చోట్లా ఒకే ఫీల్డు కాబట్టి నంబర్లు వేరయ్యే అవకాశమే లేదు. 007 కాస్తా 7గా మారిపోయే చిక్కు కూడా TEXT వల్ల తీరుతుంది.

సమస్య: కోశాక నంబర్లన్నీ కలగాపులగం

మొదటి షీట్లో 1 నుంచి 5, రెండో షీట్లో 6 నుంచి 10 అని ముద్రిస్తే, కోసిన తర్వాత ఒక కట్టలో 1, 6, 11, 16 వస్తాయి. 500 కూపన్లను చేత్తో సర్దాలి. పైన చెప్పిన పట్టిక ఆ పని తప్పిస్తుంది. మొదటి షీట్లో 001, 101, 201, 301, 401 పడతాయి, రెండో షీట్లో 002, 102 అలా. షీట్లను వరస చెడకుండా కోస్తే ఐదు కట్టలు వస్తాయి, పై కట్టలో 001 నుంచి 100, దాని కిందిదాంట్లో 101 నుంచి 200. ఒక్కో కట్టను పాతికల్లెక్కన విడదీస్తే నాలుగు పుస్తకాలు, మొత్తం ఇరవై.

కట్ట తిరగబడి 100 పైకి వస్తే, ప్రింటర్ షీట్లను ముద్రించిన వైపు పైకి పెట్టి ఒకదానిమీద ఒకటి వదులుతోందని అర్థం. ప్రింట్ సెట్టింగుల్లో చివరి పేజీ నుంచి మొదలయ్యేలా మార్చండి.

100 షీట్లనూ ఒక్కసారే పంపకండి, పాతికేసి పంపండి. కాగితం ఇరుక్కున్నాక కొన్ని ప్రింటర్లు అదే పేజీని మళ్లీ ముద్రిస్తాయి, కొన్ని వదిలేస్తాయి. ప్రతి పాతికలో పైషీటు, అడుగుషీటు నంబర్లు చూసి షీట్లు లెక్కపెడితే చాలావరకు దొరికిపోతుంది. ఇరుక్కుపోయిన సందర్భంలో మాత్రం దానికి ముందూ వెనకా షీట్లు కూడా తిరగేయండి, ఎందుకంటే ఒకటి పోయి ఒకటి రెండుసార్లు పడితే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. చెడిన పేజీని అదే నంబర్లతో మళ్లీ తీసి, పాతదాన్ని అప్పుడే చింపేయండి.

సమస్య: చింపితే వంకరగా పోయి నంబరు తెగుతోంది

ముద్రించిన చుక్కల గీత చిల్లుల గీత కాదు. నిజంగా చిల్లులు పడాలి. ఇంట్లో అయితే చిల్లులు వేసే చక్రం బ్లేడు, లేదా దారం తీసేసిన కుట్టుమిషన్ మీద 3 మి.మీ. కుట్టు. ఆ పనికి పాత సూది వాడండి, కాగితం సూది మొనను పాడుచేస్తుంది. ముద్రణ అయ్యాక, కోయకముందు వేయాలి. షీట్ నిండుగా ఉన్నప్పుడు ఒక్క గీత, కోశాక అయితే ఐదు గీతలు. ముందే చిల్లులు వేసిన షీటు ప్రింటర్లో చిరిగే ప్రమాదమూ ఉంది.

గీతకు రెండువైపులా 5 మి.మీ. ఖాళీ ఉంచండి. కాగితం 100 నుంచి 130 జీఎస్ఎం సరిపోతుంది. అంతకంటే పలచనైతే చిరుగు గీత వదిలి పక్కకు పోతుంది, మందమైన కార్డు అయితే చక్రం పూర్తిగా దిగదు. షాపుకు ఇస్తుంటే గీత ఎడమ అంచు నుంచి 72 అని, నంబరు రెండు చోట్ల పడాలని కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెబితే ఒక్కోసారి కూపన్ మీద మాత్రమే నంబరేసి ఇస్తారు.

సమస్య: డ్రా రోజున కౌంటర్‌ఫాయిళ్లు ఊడిరావడం లేదు

పిన్ను దగ్గర పీకితే కొన్ని పొడుగ్గా, కొన్ని చినిగిపోయి వస్తాయి. సైజు తేడా ఉంటే తీసేవారి చేతికి తెలిసిపోతుంది, అది న్యాయం కాదు. ఎడమ అంచు నుంచి 12 మి.మీ. దగ్గర రెండో చిల్లుల గీత వేయిస్తే కూపన్ అమ్మేటప్పుడు కౌంటర్‌ఫాయిల్ కూడా దాంతో వచ్చేసే ప్రమాదం ఉంది. దానికంటే, అమ్మకాలు ముగిశాక పుస్తకాన్ని పిన్ను వరస పక్కన కటింగ్ మిషన్‌తో ఒక్క కోత కోస్తే అన్నీ ఒకే కొలతలో విడిపోతాయి. డిజైన్‌లోనే ఆ 12 మి.మీ. దగ్గర ఓ సన్నని గుర్తు పెట్టుకుంటే ఎక్కడ కోయాలో వెతుక్కోనక్కర్లేదు. అమ్ముడుపోని కూపన్ల కౌంటర్‌ఫాయిళ్లను మాత్రం కోయకముందే వేరుచేసి, వాటి నంబర్లు రాసి పెట్టుకోవాలి.